ప్లేటుపై కనబడని బ్యాక్టీరియా: క్లోరిన్ తగిలిన మామిడి కడుగునీటిలో బతికున్న కణాలను లెక్కించే పద్ధతి

మామిడి కాపు చేతికొచ్చే రోజుల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి నిలబడతాయి. లోపల కాయలను కడిగే తొట్టి నీటిలో క్లోరిన్ కలుపుతారు. ఆ నీటి నమూనా ఐసు పెట్టెలో సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణించి తిరుపతిలో మా బల్ల మీదికి వస్తుంది. ఒక ఏడాది అలా వచ్చిన నమూనాను శుక్రవారం ప్లేటు చేసి, శనివారం సాయంత్రం చూస్తే ఒక్క కాలనీ కూడా లేదు. "మిల్లీలీటరుకు 10 కన్నా తక్కువ" అని రాసి సంతకం పెట్టాను. ఆటోక్లేవులో వేయాల్సిన ఆ ప్లేట్లు ఆదివారమంతా బల్ల మీదే ఉండిపోయాయి. సోమవారం పొద్దున మూత తీస్తే అగర్ నిండా గుండుసూది మొనంత కాలనీలు కనిపించాయి. ఇరవై నాలుగు గంటలకే చదివి ముగించడం నా తప్పు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు అప్పటికే ఫోనులో ఫలితం చెప్పేశాను కాబట్టి, "ఏం సార్, మొన్న ఏమీ లేదంటిరి గదా?" అన్న మాట పడక తప్పలేదు.

ఆ కాలనీలు ఆలస్యంగానైనా పైకి వచ్చాయి కాబట్టి అవి గాయపడిన కణాలు మాత్రమే. వాటి వెనుక మరో వరుస ఉంటుంది: ప్లేటును వారం రోజులు ఉంచినా కాలనీ కట్టనివి, అయినా చావనివి. 1982లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో రీటా కోల్వెల్ బృందం ఇ. కోలై, కలరా బ్యాక్టీరియాలను ఉప్పునీటిలో ఉంచి పరిశీలించినప్పుడు ప్లేటు లెక్క పడిపోతున్నా సూక్ష్మదర్శినిలో స్పందించే కణాలు మిగిలే ఉన్నాయని గమనించింది. తర్వాత ఈ స్థితికి వయబుల్ బట్ నాన్‌కల్చరబుల్ అన్న పేరు స్థిరపడింది. ల్యాబుల్లో వీబీఎన్‌సీ అంటారు, నేనూ అలాగే రాస్తాను. క్లోరిన్ దెబ్బ తిన్న ఇ. కోలైలో ఈ వరుస ఎంత ఉందో ఒకే నమూనా మీద వేర్వేరు లెక్కలు తీసి ఎలా తేల్చాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ప్లేటు దేనిని లెక్కిస్తుంది

ప్లేటు మీద మనకు కనబడేది కణం కాదు, ఆ కణం సంతతి. కంటికి కనిపించే కాలనీ కావాలంటే ఒక కణం కనీసం ఇరవై సార్లు రెట్టింపు కావాలి, అంటే దాదాపు పది లక్షల కణాలు తయారుకావాలి. ప్రాణం ఉండి, పొర చెక్కుచెదరకుండా ఉండి, కొద్దికొద్దిగా జీవక్రియ నడుపుకుంటున్న కణం ఆ ఇరవై రెట్టింపులు చేయలేకపోతే ప్లేటు దృష్టిలో అది లేనట్టే. నాలుగు కణాలు అతుక్కుని ఒకే ముద్దగా పడినా ప్లేటు వాటిని ఒకటిగానే లెక్కిస్తుంది.

దెబ్బ తిన్న కణాన్ని ప్లేటు తానే చంపగలదు కూడా. క్లోరిన్ తాకిన కణంలో హైడ్రోజన్ పెరాక్సైడును విరగ్గొట్టే కాటలేజ్ వంటి రక్షణ వ్యవస్థలు బలహీనపడి ఉంటాయి. మనం అగరును, ఫాస్ఫేటును ఒకే సీసాలో కలిపి ఆటోక్లేవ్ చేసినప్పుడు మాధ్యమంలోనే కొంత పెరాక్సైడు పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణానికి అది లెక్కలోది కాదు. దెబ్బ తిన్నదానికి మాత్రం కోలుకోవాల్సిన చోటే విషం పెట్టినట్టవుతుంది. అందువల్ల వీబీఎన్‌సీగా చెలామణి అయిన కొన్ని కణాలు నిజానికి పెరాక్సైడుకు తట్టుకోలేని గాయపడిన కణాలేనని వాదించిన శాస్త్రవేత్తలు ఉన్నారు. ఆ వాదనను తోసిపుచ్చడానికి లేదు. మాధ్యమాన్ని సరిచేయకుండా వీబీఎన్‌సీ అని రాయడం తొందరపాటే అవుతుంది.

మొదటి అడుగు: తొట్టి నీటితో కాదు, తెలిసిన ఒక్క జాతితో మొదలుపెట్టాలి

కొత్తగా చేరినవారు సాధారణంగా తొట్టి నీటినే తీసుకుని, ఒక భాగాన్ని వయొలెట్ రెడ్ బైల్ అగర్ మీద, మరో భాగాన్ని సూక్ష్మదర్శిని కింద లెక్కించి, ఆ తేడా అంతా వీబీఎన్‌సీ అని రాస్తారు. ఈ పోలిక చెల్లదు. ఆ అగర్ కోలిఫారాలను మాత్రమే చూపిస్తుంది. సూక్ష్మదర్శినిలో మట్టి బ్యాక్టీరియా, కాయ తొక్క మీదివి, పైపు గోడలవి అన్నీ కనబడతాయి. రెండు వేర్వేరు జనాభాలను పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

కాబట్టి కడుగునీటిని ముందు 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ ఫిల్టరులో వడపోసి, అందులో తెలిసిన ఇ. కోలైని మాత్రమే కలపాలి. మందుల సున్నితత్వ పరీక్షలకు ల్యాబుల్లో ఉంచుకునే ఏటీసీసీ 25922 జాతి ఇందుకు సరిపోతుంది, ఎందుకంటే అది నాలిడిక్సిక్ ఆమ్లానికి లొంగుతుంది. ఆ అవసరం నాలుగో అడుగులో తెలుస్తుంది. రాత్రంతా పెంచిన కణాలను సెంట్రిఫ్యూజులో రెండుసార్లు కడిగి, మాధ్యమం జాడ లేకుండా చేసి, మిల్లీలీటరుకు సుమారు 60,000 వచ్చేలా నీటిలో కలపాలి. కడగకపోతే మిగిలిన పెప్టోనే క్లోరినును తినేస్తుంది, కణాలకు తగలాల్సిన దెబ్బ తగలదు.

తర్వాత క్లోరిన్ వేసి, డీపీడీ కిట్టుతో స్వేచ్ఛా క్లోరినును మొదట్లోనూ చివర్లోనూ కొలవాలి. ఎంత వేశామన్నది ముఖ్యం కాదు, ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. మామిడి సొన, మట్టి, పగిలిన కాయల రసం క్లోరినును వేగంగా లాగేసుకుంటాయి. పొద్దున తొట్టి నింపినప్పటి అంకె, నాలుగు లోడ్లు కడిగాక ఉండే అంకె ఒకటి కావు. వీబీఎన్‌సీ ఎక్కువగా ఎదురయ్యేది ఈ మధ్యస్థ దశలోనే, అంటే క్లోరిన్ పూర్తిగా చంపేంత లేక, వదిలేసేంత తక్కువా కానప్పుడు.

రెండో అడుగు: దెబ్బను ఆపడం

అనుకున్న సమయం కాగానే క్లోరిన్ పని ఆగిపోవాలి. 120 మిల్లీలీటర్ల సీసాలో 3 శాతం సోడియం థయోసల్ఫేటు ద్రావణాన్ని 0.1 మిల్లీలీటరు వేసి ఉంచితే లీటరుకు 5 మిల్లీగ్రాముల దాకా క్లోరినును అది అణచేస్తుంది. కడుగు తొట్టిలో అంతకన్నా ఎక్కువ ఉంటే 10 శాతం ద్రావణాన్ని అదే పరిమాణంలో వేస్తారు, అది 15 మిల్లీగ్రాముల దాకా సరిపోతుంది. ఇంకా బలమైన నీరైతే థయోసల్ఫేటును దామాషాగా పెంచి, చివర్లో డీపీడీతో గులాబీ రంగు రాలేదని రుజువు చేసుకోవాలి. ఇది మరిచిపోతే చిత్తూరు నుంచి తిరుపతి చేరేలోగా సీసాలోనే కణాలు చస్తూ వస్తాయి, ల్యాబు ఫలితం తొట్టి గురించి కాక వ్యాను ప్రయాణం గురించి చెబుతుంది.

పలచన చేయడానికి ఉత్త స్వేదనజలం వాడకూడదు. దెబ్బ తిన్న పొర ఆ తేడాను తట్టుకోలేదు. 0.1 శాతం పెప్టోన్ నీరు మేలు. అయితే పలచన చేసిన ట్యూబులను ఇరవై నిమిషాలకు మించి బల్ల మీద ఉంచరాదు. మే నెలలో ఏసీ ఆగిపోయిన గదిలో ఒక ర్యాకును మరిచిపోతే, ఆరోగ్యంగా ఉన్న కణాలు ఆ ట్యూబుల్లోనే పెరగడం మొదలుపెడతాయి.

మూడో అడుగు: రెండు ప్లేట్లు, మూడు రోజులు

ఒకటి వయొలెట్ రెడ్ బైల్ అగర్. దీనిని మరిగిస్తారే తప్ప ఆటోక్లేవ్ చేయరు. దీనిలోని పిత్త లవణాలను బాహ్య పొర బాగున్న ఇ. కోలై లోపలికి రానివ్వదు. పొర చిరిగినదానిలోకి అవి దూసుకుపోతాయి. రెండోది ట్రిప్టిక్ సోయ్ అగర్, దానికి లీటరుకు 1 గ్రాము సోడియం పైరువేటు కలపాలి. పైరువేటు పెరాక్సైడును విరగ్గొడుతుంది. ఈ మాధ్యమాన్ని ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ పొడికి అగర్ కలిపి తయారుచేస్తే అందులో డైపొటాషియం ఫాస్ఫేటు ఉంటుంది కాబట్టి, అప్పుడు వీలైతే సిద్ధంగా దొరికే పొడి కాకుండా దినుసులు విడిగా తూచి, ఫాస్ఫేటును వేరుగా ఆటోక్లేవ్ చేసి చల్లారాక అగరులో కలపడం మంచిది. శ్రమ ఎక్కువే, కానీ పెరాక్సైడు అనుమానాన్ని నివృత్తి చేసే దారి ఇదే.

రెండింటి మీదా 0.1 మిల్లీలీటరు చొప్పున పైన పరచాలి. కరిగిన అగరులో కలిపి పోసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. చేతికి గోరువెచ్చగా అనిపించే అగర్ కూడా క్లోరిన్ తాకిన కణానికి రెండో దెబ్బ అవుతుంది. ప్లేట్లను 35 డిగ్రీల సెల్సియసు దగ్గర ఉంచి 24, 48, 72 గంటలకు చదివి, ప్రతిసారీ కొత్తగా వచ్చిన కాలనీలను ప్లేటు అడుగున వేరే రంగు మార్కరుతో గుర్తుపెట్టాలి. మొదటి రోజు నల్ల చుక్కలు తక్కువగా, రెండో రోజు ఎర్ర చుక్కలు ఎక్కువగా కనిపిస్తే గాయపడిన కణాలు కోలుకోవడానికి సమయం తీసుకుంటున్నాయని కంటితోనే తెలుస్తుంది. మూడో రోజు కొత్తవి దాదాపు ఆగిపోవాలి. అప్పటికీ వస్తూనే ఉంటే మరో రెండు రోజులు ఆగాలి.

నాలుగో అడుగు: పొడవు సాగే కణాలను లెక్కించడం

ఈ పద్ధతిని 1979లో కొగురే, ఆయన సహచరులు ప్రచురించారు. కణానికి కొద్దిగా ఆహారం, దానితోపాటు నాలిడిక్సిక్ ఆమ్లం ఇస్తారు. ఈ మందు డీఎన్ఏ గైరేజును అడ్డుకుంటుంది కాబట్టి కణం రెండుగా చీలలేదు. అయినా ప్రాణముంటే ఆహారం తీసుకుని పొడవుగా సాగుతుంది. చచ్చిన కణం ఉన్నంతే ఉంటుంది. ఒక్క రెట్టింపు కూడా అవసరం లేకుండా ప్రాణాన్ని చూపే పద్ధతి కావడమే దీని గొప్ప. సూక్ష్మదర్శినిలో చిన్న గింజల మధ్య సన్నని దారపు ముక్కల్లా సాగిన కణాలను మొదటిసారి చూసినప్పుడు, ప్లేటు మీద సున్నా వచ్చిన నమూనా ఇదేనా అని సీసా మీది చీటీని మళ్లీ చదువుకున్నాను.

నమూనాలో ఈస్టు సారం 0.025 శాతం, నాలిడిక్సిక్ ఆమ్లం 0.002 శాతం ఉండేలా కలపాలి. ఆ ఆమ్లం ఉత్త నీటిలో కరగదు, పలచని సోడియం హైడ్రాక్సైడులో కరిగించి వడపోసి వాడాలి. సముద్రపు నీటికి రాసిన మూల పద్ధతిలో 20 డిగ్రీల దగ్గర 6 గంటలు చీకటిలో ఉంచారు. ఇ. కోలైకి నేను 30 డిగ్రీలు వాడతాను. తర్వాత ఫార్మలిన్‌తో స్థిరపరచి, అక్రిడిన్ ఆరెంజ్ రంగు వేసి, 0.2 మైక్రాన్ల నల్లని పాలికార్బొనేట్ ఫిల్టరు మీద వడపోసి, ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శినిలో చూడాలి. మందు కలపకముందే స్థిరపరచిన భాగంలో కణాల సగటు పొడవు ఎంతో ముందుగా కొలిచి, దానికి రెండింతలు లేదా అంతకు మించి ఉన్నవాటినే బతికున్నవిగా లెక్కించాలి. అక్రిడిన్ ఆరెంజ్ వేసినప్పుడు ఆకుపచ్చగా కనిపించేవి ఒక రకం, నారింజగా కనిపించేవి మరో రకం అని రంగును బట్టి చావుబతుకులు నిర్ణయించేవారు ఉన్నారు. స్థిరపరచిన కణాల్లో ఆ రంగు తేడాను నేను నమ్మను.

రెండు అదుపు పరీక్షలు లేకుండా ఈ లెక్కకు విలువ లేదు. క్లోరిన్ వేయకముందు తీసిన నమూనాలో సాగిన కణాల లెక్క, ట్రిప్టిక్ సోయ్ ప్లేటు లెక్క దాదాపు సమానంగా రావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేడా వస్తే లోపం బ్యాక్టీరియాది కాదు, మన చేతిది. అలాగే 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేసి చంపిన భాగంలో సాగిన కణాలు దాదాపు ఉండకూడదు.

ఐదో అడుగు: లెక్క

లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి అంకెలు అనుకుందాం. ఫిల్టరులో నీరు దిగిన భాగం వ్యాసం 17 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం సుమారు 227 చదరపు మిల్లీమీటర్లు. ఐపీసు గళ్ల చట్రం 0.01 చదరపు మిల్లీమీటరు. కాబట్టి ఫిల్టరు మీద 22,700 చట్రాలు పడతాయి. 10 మిల్లీలీటర్లు వడపోశాం. ఇరవైకి తగ్గకుండా చట్రాలు చూస్తే సగటున ఒక్కోదానిలో మొత్తం 24 కణాలు, వాటిలో సాగినవి 6 కనిపించాయి.

```
24 × 22700 ÷ 10 = 54480
 6 × 22700 ÷ 10 = 13620
```

అంటే మిల్లీలీటరుకు మొత్తం సుమారు 54,500, బతికున్నవి సుమారు 13,600. అదే నమూనాకు ట్రిప్టిక్ సోయ్ అగర్ మీద 72 గంటలకు 1,200, వయొలెట్ రెడ్ బైల్ అగర్ మీద 40 వచ్చాయనుకుందాం. 40కీ 1,200కీ మధ్య ఉన్న 1,160 గాయపడినవి. వాటికి మంచి ప్లేటు దొరికితే కోలుకుంటాయి. 1,200కీ 13,600కీ మధ్య ఉన్న 12,400 వీబీఎన్‌సీ అనుమానితులు. మిగిలిన 40,900 చచ్చినవో, స్పందించనివో. ఈ నమూనాను వయొలెట్ రెడ్ బైల్ అగర్ మీద మాత్రమే చదివి ఉంటే, బతికున్న ప్రతి 340 కణాల్లో ఒక్కటే మన లెక్కకు అందేది.

అనుమానితులు అన్న మాట ఊరికే వాడలేదు. సాగడం ప్రాణానికి గుర్తే గాని, ఆ కణం మళ్లీ పెరగగలదనడానికి రుజువు కాదు. పైగా ముద్దలుగా ఉన్న కణాలు సూక్ష్మదర్శినిలో విడివిడిగా, ప్లేటుపై ఒకటిగా లెక్కకు వస్తాయి కాబట్టి తేడాలో కొంత వాటిదీ కావచ్చు. ఫిల్టరు మీద జంటలు, గుంపులు ఎన్ని ఉన్నాయో విడిగా రాసుకుంటే ఆ వాటా ఎంతో అంచనాకు వస్తుంది.

ఆరో అడుగు: మేల్కొన్నాయా, లేక మిగిలిన ఒకటే పిల్లలు పెట్టిందా

ఈ రంగంలో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. నమూనాకు ఆహారం ఇచ్చి రాత్రంతా ఉంచి, మర్నాడు ప్లేటు నిండా కాలనీలు చూసి, వీబీఎన్‌సీ కణాలు మేల్కొన్నాయని రాసేస్తారు. అయితే అరగంటకోసారి రెట్టింపయ్యే కణం ఒక్కటి మిగిలి ఉన్నా, 12 గంటల్లో 24 రెట్టింపులతో కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. నిద్రపోయిన వేలకొద్దీ కణాలు లేచాయో, మెలకువగా ఉన్న ఒక్కటే వంశం పెంచిందో ఆ ప్లేటు చెప్పలేదు.

దీనికి పలచన పరీక్ష తప్ప దారి లేదు. పై నమూనాను 12,000 రెట్లు పలచన చేయాలి. 1 మిల్లీలీటరు నమూనాను 99 మిల్లీలీటర్ల పెప్టోన్ నీటిలో, అందులోంచి 1 మిల్లీలీటరును 119 మిల్లీలీటర్లలో కలిపితే ఆ లెక్క వస్తుంది. ఇప్పుడు మిల్లీలీటరుకు ప్లేటుపై పెరగగలవి 0.1, వీబీఎన్‌సీ అనుమానితులు సుమారు 1 ఉంటాయి. పైరువేటు కలిపిన ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ ఉన్న 50 ట్యూబుల్లో 1 మిల్లీలీటరు చొప్పున వేసి, కొన్ని గంటలు గది వేడిమిలోనూ తర్వాత 35 డిగ్రీల దగ్గర మూడు రోజులూ ఉంచాలి.

పెరగగలవి మాత్రమే పెరిగితే, పాయిజాన్ లెక్క ప్రకారం ఒక ట్యూబులో కనీసం ఒకటి పడే అవకాశం 9.5 శాతం, అంటే 50లో సుమారు 5 ట్యూబులు మబ్బుగా మారాలి. అనుమానితులన్నీ మేల్కొంటే ట్యూబుకు 1.13 కణాలు పడతాయి, ఆ అవకాశం 68 శాతం, అంటే సుమారు 34 ట్యూబులు. మబ్బుగా మారినవి 4 నుంచి 8 మధ్యలో ఉంటే మేల్కొన్న దాఖలా లేదు. 20 దాటితే ఆ పెరుగుదలను మిగిలిన కణాల సంతతితో సరిపుచ్చడం సాధ్యం కాదు. మధ్యలో 12 వస్తే నేను మళ్లీ చేస్తాను, ఈసారి 100 ట్యూబులతో. తక్కువ వచ్చినంత మాత్రాన ఆ కణాలు చచ్చాయని అనలేం. మనమిచ్చిన పరిస్థితుల్లో లేవలేదని మాత్రమే దాని అర్థం. విబ్రియో వల్నిఫికస్ వంటివి చలికి వీబీఎన్‌సీలోకి వెళ్లి, నీరు వెచ్చబడితే లేవగలవని చూపారు. క్లోరిన్ తగిలిన ఇ. కోలైకి అంత నికరమైన మేల్కొలుపు చిట్కా లేదు.

నిజమైన తొట్టి నీటికి వచ్చేసరికి

ఈ పద్ధతిని అలాగే తొట్టి నీటి మీద పెడితే రెండు చిక్కులు వస్తాయి. నాలిడిక్సిక్ ఆమ్లానికి లొంగని బ్యాక్టీరియా, గ్రామ్ పాజిటివ్ జాతుల్లో చాలా భాగం, మందు ఉన్నా చీలిపోతాయి, సాగవు. సాగినవాటిలో ఏది ఇ. కోలైయో కంటికి తెలియదు. కాబట్టి సాగిన కణాల మీద ఇ. కోలైకే అతుక్కునే ఫ్లోరెసెంట్ ప్రోబు వాడాలి, లేదా పీఎంఏతో క్యూపీసీఆర్ చేయాలి. పీఎంఏ రంగు పొర చిరిగిన కణాల్లోకి మాత్రమే చొరబడి, వెలుతురు తగలగానే డీఎన్ఏకు అంటుకుని, దానిని పీసీఆరుకు పనికిరాకుండా చేస్తుంది. పొర బాగున్నవే లెక్కకు వస్తాయి. పొర బాగున్నంత మాత్రాన ప్రాణముందని కాదు. అతినీలలోహిత కిరణాలతో చంపిన కణం పొర చెక్కుచెదరకుండా ఉండి ఈ పరీక్షలో బతికున్నట్టే కనిపిస్తుంది. క్లోరిన్ పొరను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ఈ పని వరకు పీఎంఏ ఫలితం కొంత నమ్మదగినదే.

నివేదిక రాసేటప్పుడు చట్టబద్ధమైన అంకె ప్లేటు లెక్కే. తాగునీటికి ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఇ. కోలై కనబడకూడదు. ఆ కనబడడమన్నది కల్చరు పద్ధతితో తేల్చేదే. కాబట్టి పాస్, ఫెయిల్ గడిలో ప్లేటు లెక్కనే వేసి, ఏ మాధ్యమం, ఎన్ని గంటలకు చదివాం, థయోసల్ఫేటు వేశామా లేదా అన్న వివరాలను దాని పక్కనే రాస్తాను. సాగిన కణాల లెక్కను వేరే గడిలో, "ప్లేటుపై పెరగని స్పందించే కణాలు" అన్న పేరుతో ఇస్తాను. ఆ రెండో గడి ప్లేటు లెక్కకు పదింతలు దాటిన రోజు సూపర్‌వైజరును మొదట అడిగేది ఎంత క్లోరిన్ వేశారని కాదు. మూడో లోడు దింపాక తొట్టిలో స్వేచ్ఛా క్లోరిన్ ఎంత మిగిలింది, కాయ ఆ నీటిలో ఎన్ని నిమిషాలు ఉంది అని అడుగుతాను.